పంచాంగం, పరీక్షల పట్టిక, పన్నెండు నెలల వీడియోలు

చంద్రాపూర్‌లో ఉంటూ తెలుగులో యూట్యూబ్ చానల్ నడిపే మనిషి ముందు ఏకంగా నాలుగు క్యాలెండర్లు ఉంటాయి. ఇంట్లో తెలుగు పంచాంగం, పిల్లల బళ్లో మహారాష్ట్ర బోర్డు పట్టిక, వార్ధా నది దాటితే తెలంగాణలోని బంధువుల పిల్లలకు అక్కడి బోర్డు పట్టిక, ఊరి చివర అడవికి తాడోబా గేట్లు తెరిచే, మూసే తేదీలు. బల్లార్‌పూర్ పేపర్ మిల్లు, చుట్టూ ఉన్న బొగ్గు గనులు, బల్లార్షా మీదుగా కాజీపేట వెళ్లే రైలు మార్గం తరాల కిందటే ఇక్కడికి తెలుగువాళ్లను తీసుకొచ్చాయి. పక్కనున్న రాజురా ప్రాంతమైతే 1956కు ముందు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. అందుకే ఇక్కడి తెలుగు చానల్‌ను చూసేవాళ్లు రెండు రాష్ట్రాల్లో ఉంటారు. ఏడాది పొడవునా ఏ వీడియోలు చేయాలన్న ప్రశ్న ఇక్కడ మరింత చిక్కుపడేది ఈ కారణంగానే.

ఆ ప్రశ్నను సాధారణంగా రెండు పక్షాలుగా చెబుతారు. ఎవర్‌గ్రీన్ విషయాలు పట్టుకోమని ఒకరంటారు. ఆధార్‌లో చిరునామా మార్చడం, జొన్నరొట్టె చేయడం, వర్గ సమీకరణాల పాఠం లాంటివి ఎప్పుడైనా ఎవరో ఒకరు వెతుకుతూనే ఉంటారన్నది వారి వాదన. పండుగలూ పరీక్షలూ వదులుకోవద్దని రెండోవారంటారు. కొత్త చానల్‌కు ఒక్కసారిగా వేలమంది వచ్చేది ఆ రోజుల్లోనే, దసరా, దీపావళి వేళల్లో ప్రకటనల ధరలు కూడా పెరుగుతాయన్నది వీరి మాట. రెండు వాదనల్లోనూ నిజముంది. కానీ రెండూ వీడియోను ఒక్క కొలతతోనే చూస్తున్నాయని నాకనిపిస్తుంది. కొలవాల్సినవి రెండు. జనం ఆ విషయాన్ని మళ్లీ వెతుక్కుంటూ వస్తారా అన్నది మొదటిది. వాళ్లు వచ్చేసరికి వీడియోలో చెప్పింది ఇంకా నిజంగానే ఉంటుందా అన్నది రెండోది.

ఈ రెండింటినీ విడదీసి చూస్తే పండుగ వీడియోల్లో చాలావాటిని ఒక్క సీజన్‌కే పరిమితమైనవి అనడం పొరపాటని తెలుస్తుంది. తెలంగాణలో ఏటా కొత్త బతుకమ్మ పాటలు విడుదలవుతాయి. కొత్తవి వచ్చినా నాలుగైదేళ్ల నాటి పాటలు ఎంగిలిపూల నాటి నుంచి మళ్లీ మోగుతూనే ఉంటాయి. ఆ పాట పది నెలలు నిద్రపోయి లేస్తుంది, అంతే. ఎవర్‌గ్రీన్ అనుకున్న వీడియో మాత్రం ఒక్క ప్రభుత్వ ఉత్తర్వుతో శాశ్వతంగా మూగబోవచ్చు. ఏడాది ప్రణాళిక వేసేవాడు ముందుగా గుర్తుపట్టాల్సింది ఈ తేడానే.

మహాకాళి యాత్రను తీసుకుని లెక్కంతా వేసి చూద్దాం. చంద్రాపూర్ మహాకాళి గుడిలో చైత్రమాసంలో జరిగే యాత్రకు మరాఠ్వాడా నుంచి, తెలంగాణ నుంచి భక్తులు వస్తారు. జర్పట్ నదిలో స్నానం చేసి దర్శనానికి వెళతారు. చైత్ర పౌర్ణమి నాటికి రద్దీ శిఖరానికి చేరుతుంది. తెలుగు చానల్‌కు ఇంతకంటే సొంతమైన విషయం దొరకదు. మరాఠీలో యాత్ర గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నా, ఆదిలాబాద్ వైపు నుంచి బయలుదేరే కుటుంబానికి తెలుగులో వివరంగా చెప్పేవాళ్లు తక్కువ.

మామూలుగా జరిగేదేమిటంటే, యాత్ర మొదలయ్యాక కెమెరా పట్టుకుని వెళతారు, రెండు మూడు రోజులు తిరుగుతారు, ఎడిటింగ్‌కు ఇంకో మూడు రోజులు పడుతుంది. వీడియో బయటకొచ్చేసరికి పౌర్ణమి దాటిపోతుంది. వెళ్లాలనుకున్న కుటుంబం ఎలా వెళ్లాలో, ఎక్కడ దిగాలో, రాత్రి ఎక్కడ పడుకోవాలో ప్రయాణానికి ముందే వెతుక్కుంది. వాళ్ల వెతుకులాటకు మన వీడియో అందలేదు. యాత్ర దృశ్యాలు దొరికేది యాత్రలోనే, వాటి అవసరం పడేది యాత్రకు ముందు. పండుగ వీడియోలన్నిటికీ ఉన్న అసలు ఇబ్బంది ఇదే. దీనికి నాకు తెలిసిన నికరమైన మార్గం ఒక్కటే: ఈ ఏడాది తీసిన దృశ్యాలతో వచ్చే ఏడాదికి వీడియో తయారుచేసుకోవడం.

అలా చేయాలంటే యాత్రలో చిత్రీకరణ రెండు పనులుగా విడిపోవాలి. ఆ రోజు జనం, ఆ రోజు ఊరేగింపు, ఆ ఏటి ఏర్పాట్లు ఒక చిన్న వీడియోగానో షార్ట్‌గానో అదే సాయంత్రం వెళ్లిపోవాలి. దాని ఆయుష్షు వారం, అంతకు మించి దాని నుంచి ఆశించకూడదు. రెండో పని నిదానంగా చేయాల్సింది. బల్లార్షాలోనో చంద్రాపూర్‌లోనో రైలు దిగిన దగ్గర నుంచి గుడి దాకా దారి, నది ఒడ్డు, వరుస మొదలయ్యే చోటు, చెప్పులు విడిచే చోటు, నీళ్లు దొరికే చోటు, నీడ ఉన్న చోటు. ఏప్రిల్ ఎండలు ఈ జిల్లాలో ఎలా ఉంటాయో తెలిసినవారికి నీడ ఎంత పెద్ద సమాచారమో వేరే చెప్పక్కర్లేదు. ఈ రెండో రకం దృశ్యాల మీద మాట్లాడేటప్పుడు నోటివెంట సంవత్సరం రాకూడదు, తేదీ రాకూడదు, ఛార్జీల అంకెలు రాకూడదు. యూట్యూబ్‌లో ఒకసారి పెట్టిన వీడియో ఫైలును అదే లింకులో మార్చి కొత్తది పెట్టే వీలు లేదు. కొంత భాగం కత్తిరించవచ్చు గానీ కొత్త దృశ్యం చేర్చలేం. శీర్షిక, థంబ్‌నెయిల్, కింద రాసే వివరణ మాత్రం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కాబట్టి మారేవన్నీ అక్కడికే పోవాలి. ఏటేటా తేదీలు, రైలు వేళలు వివరణలోనూ, పైన పిన్ చేసిన కామెంట్‌లోనూ ఉంటే ఐదు నిమిషాల్లో దిద్దుకోవచ్చు.

ఆ దిద్దే రోజు ఏదన్నది పంచాంగం చెప్పాలి, గోడమీది ఇంగ్లిష్ క్యాలెండర్ కాదు. చైత్ర పౌర్ణమి 2025లో ఏప్రిల్ 12న వచ్చింది. 2026లో ఏప్రిల్ 2నే వచ్చింది. 2027లో ఏప్రిల్ 20న వస్తుంది. నిరుడు ఏప్రిల్ రెండో వారంలో బాగా నడిచిందని ఈ ఏడాదీ అప్పుడే పెడితే యాత్ర అయిపోయిన వారానికి వీడియో వస్తుంది. 2027లో పద్దెనిమిది రోజులు వెనక్కి జరగడానికి కారణం 2026 మే 17 నుంచి జూన్ 15 దాకా ఉన్న అధిక జ్యేష్ఠం. చాంద్రమాన సంవత్సరం సౌర సంవత్సరం కంటే సుమారు 11 రోజులు పొట్టి కాబట్టి పండుగలు ఏటా అంత ముందుకు జరుగుతూ, దాదాపు రెండున్నర మూడేళ్లకోసారి అధికమాసం పడగానే ఒక్కసారిగా వెనక్కి వస్తాయి. 2026లో ఉగాది మార్చి 19న, అంటే అధికమాసానికి ముందే వచ్చేసింది. అధికమాసం తర్వాతి పండుగలన్నీ ఆలస్యమయ్యాయి. 2025లో ఆగస్టు 27న వచ్చిన వినాయక చవితి 2026లో సెప్టెంబర్ 14కు, అక్టోబర్ 2న వచ్చిన దసరా అక్టోబర్ 20కి వెళ్లాయి. రంజాన్‌కు ఈ సర్దుబాటు ఉండదు, అది ఏటా పది పదకొండు రోజులు ముందుకే నడుస్తుంది. 1956 అక్టోబర్ 16న డాక్టర్ అంబేడ్కర్ చంద్రాపూర్‌లో ధమ్మదీక్ష ఇచ్చిన సందర్భం ఏటా ఇంగ్లిష్ తేదీకే వస్తుంది. ఒకే ఊరి ఏడాదిలో మూడు రకాల తేదీలున్నాయి కాబట్టి ప్రణాళిక పుస్తకంలో పండుగ పక్కన తేదీ కాకుండా తిథి రాసుకోవాలి. ఏటా ఉగాదికి పంచాంగం చేతికి రాగానే ఆ తిథులను తేదీల్లోకి మార్చుకోవాలి. చైత్రంలోనే వచ్చే యాత్రకు మాత్రం ఉగాది దాకా ఆగితే సమయం చాలదు, దాని తేదీ ముందు శీతాకాలంలోనే చూసుకోవాలి.

యాత్ర వీడియోకు నేనైతే మూడు వారాల ముందు గడువు పెట్టుకుంటాను. అంతకంటే ముందు పెడితే వెతికేవాళ్లు ఉండరు, మరీ దగ్గరగా పెడితే వెతుకులాటలో పైకి రావడానికి వ్యవధి చాలదు. రెండో ఏడాది నుంచి కొత్తగా అప్‌లోడ్ చేయాల్సిన పని కూడా లేదు. పాత వీడియోకు వచ్చిన వ్యూస్, కామెంట్లు దానితోనే ఉంటాయి. అదే విషయం మీద ఏటా కొత్త వీడియో పెడితే మన పాతదానికి మన కొత్తదే పోటీ అవుతుంది. శీర్షికలో చంద్రాపూర్ అనే పేరుతోపాటు చాందా అన్న పాత పేరూ ఉండాలి. జిల్లా పేరు మారి ఆరు దశాబ్దాలైనా పెద్దవాళ్ల నోట ఇంకా చాందానే. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి వెతికేవాళ్లూ ఉంటారు కాబట్టి ఆ రూపం వివరణలోనైనా ఉండాలి.

ఇదే యాత్రకు ఏడాది పొడవునా నడిచే తోడు ఒకటుంది. ఇప్పుడున్న గుడిని గోండు రాణి హీరాయి కట్టించిందని చెబుతారు. భర్త బీర్‌షా సమాధిని కట్టించింది కూడా ఆమెనే. రాణి హీరాయి మీద, గోండు రాజుల కోట మీద పన్నెండు నిమిషాల వీడియో ఉంటే దానికి సీజన్ లేదు, పాతబడే సమాచారమూ లేదు. యాత్ర వీడియో చివరి ఇరవై సెకన్లలో వచ్చే ఎండ్ స్క్రీన్‌లో దాన్ని పెడితే ఏప్రిల్‌లో వచ్చినవాళ్లలో కొందరు అటు మళ్లుతారు. సీజన్ వీడియో నుంచి చానల్‌కు మిగిలేది చాలావరకు ఈ మళ్లింపే. పండుగ వీడియో పెట్టే రోజుకు దాని ఎండ్ స్క్రీన్‌లో చూపించడానికి ఎవర్‌గ్రీన్ వీడియో సిద్ధంగా లేకపోతే ఆ పండుగను ఆ ఏటికి వదిలేసినా పెద్ద నష్టం లేదు.

పరీక్షల సంగతి వేరు. అక్కడ ఒక సీజన్ లోపల ఐదారు చిన్న సీజన్లు ఉంటాయి. చంద్రాపూర్ విద్యార్థులు మహారాష్ట్ర బోర్డులో నాగపూర్ విభాగం కిందకి వస్తారు. 2025లో పన్నెండో తరగతి పరీక్షలు ఫిబ్రవరి 11న, పదోవి ఫిబ్రవరి 21న మొదలయ్యాయి, ఫలితాలు మే 5న, మే 13న వచ్చాయి. అదే ఏడాది తెలంగాణలో పదో తరగతి పరీక్షలు మార్చి 21న మొదలై ఫలితాలు ఏప్రిల్ 30న వచ్చాయి. బడులు తెరిచే రోజులూ కలవవు. తెలంగాణలో జూన్ 12 ప్రాంతంలో తెరిస్తే, ఎండల వల్ల విదర్భ బడులు మిగతా మహారాష్ట్ర కంటే కూడా వెనకగా, జూన్ చివరి వారాలకు తెరుచుకుంటాయి. తెలుగు చానల్ కదా అని తెలంగాణ తేదీలకు వీడియోలు పెడితే సొంత ఊరి పిల్లలకు పనికిరావు. మహారాష్ట్ర తేదీలకు పెడితే చూసేవాళ్లలో సగం మంది పరాయివాళ్లవుతారు. ఈ చిక్కుకు చక్కటి పరిష్కారం లేదు. ఎవరి పిల్లల కోసమో ముందే తేల్చుకుని శీర్షికలో బోర్డు పేరు రాయడమే మర్యాద.

ఈ సీజన్లో టైంటేబుల్, హాల్ టికెట్, ఫలితాల వీడియోలను చిన్న చానల్ ముట్టుకోకపోవడమే మేలని నా అభిప్రాయం. ఫలితం వచ్చిన గంటలో పెద్ద వార్తా చానళ్లు వందల వీడియోలు దింపుతాయి, మర్నాటికి వాటి అవసరం తీరిపోతుంది. చిన్న చానల్ నిలబడగలిగేది పాఠాల దగ్గర. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ అయిన పిల్లాడికి త్రికోణమితిని తెలుగులో చెబుతూ బోర్డు మీద మరాఠీ పారిభాషిక పదాలు రాసే వీడియోకు పోటీ దాదాపు ఉండదు.

అయితే పాఠం వీడియోను ఎవర్‌గ్రీన్ అని పిలిచినంత మాత్రాన దాని గ్రాఫ్ ఏడాదంతా సమంగా నడవదు. జూలై నుంచి మెల్లగా లేస్తుంది, జనవరి, ఫిబ్రవరిలో ఎత్తుకెళుతుంది, చివరి పరీక్ష నాటి సాయంత్రమే పడిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో యూట్యూబ్ స్టూడియో తెరిచి, తనంతట తాను చూపించే 28 రోజుల లెక్క చూసి, పాఠాలు పనిచేయలేదని ఆపేసినవాళ్లు తొందరపడ్డట్టే. అక్కడే పైన తేదీల పరిధి మార్చి నిరుటి అదే కాలంతో పోల్చి చూడాలి. పరీక్షలకు ఈ పోలిక సరిపోతుంది. పండుగలకు మాత్రం దీన్ని గుడ్డిగా వాడకూడదు. 2025లో బతుకమ్మ సెప్టెంబర్ 21న మొదలైంది, 2026లో అక్టోబర్ 10న. 2026 సెప్టెంబర్‌ను 2025 సెప్టెంబర్‌తో పోలిస్తే చానల్ కుప్పకూలినట్టు కనిపిస్తుంది. నిజానికి పండుగ ఇంకా రాలేదు. బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు ముందు ఇరవై రోజులు, తర్వాత పది రోజులు అని రెండేళ్లకూ విడివిడిగా పరిధి పెట్టి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఎవర్‌గ్రీన్ వీడియోల్లో మాట చెల్లకుండా పోవడం ఎలా ఉంటుందో పదకొండో తరగతి ప్రవేశాలే చూపించాయి. 2024 దాకా మహారాష్ట్రలో కేంద్రీకృత ఆన్‌లైన్ ప్రవేశాలు ముంబై, పుణె, నాగపూర్ లాంటి కొన్ని నగర ప్రాంతాలకే ఉండేవి. చంద్రాపూర్‌లో నేరుగా జూనియర్ కాలేజీకి వెళ్లి దరఖాస్తు ఇచ్చేవారు. 2025లో ఆ పద్ధతి రాష్ట్రమంతటికీ వచ్చింది. ప్రవేశం ఎలా తీసుకోవాలో వివరించిన పాత వీడియోలు ఆ ఒక్క నిర్ణయంతో తప్పుదారి పట్టించేవయ్యాయి. వాటిని వెతికేవాళ్లు మాత్రం తగ్గలేదు, మే నెల రాగానే యథాప్రకారం వచ్చారు. జనం వస్తూ మాట చెల్లని వీడియో చానల్‌కు అన్నిటికంటే పెద్ద బరువు. దాన్ని గుర్తుపట్టడానికి కామెంట్లు చదవడమే మార్గం. ఇప్పుడు ఇలా లేదండీ, అక్కడ అడిగితే కాదన్నారు అని ఇద్దరు ముగ్గురు రాశారంటే సమయం అయిపోయినట్టే. అలాంటిదాన్ని అన్‌లిస్టెడ్ చేయాలి, లేదా శీర్షికలోనే పాత పద్ధతి అని రాసి కొత్త వీడియో లింకు పిన్ చేయాలి.

తాడోబా కూడా ఇలాంటిదే, కాస్త మెత్తగా. సఫారీకి ఎలా వెళ్లాలన్నది ఏడాదంతా వెతికేదే. కానీ కోర్ ప్రాంతం జూలై 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా మూసి ఉంటుంది, మంగళవారాలు సెలవు, రుసుములూ బుకింగ్ నియమాలూ మారుతుంటాయి. అడవి గురించి, మొహర్లీ గేటు దారి గురించి, ఎండాకాలంలో పులులు నీటిగుంటల దగ్గరికి ఎందుకొస్తాయన్నదాని గురించి ఒక వీడియో చేసి, బుకింగ్ నియమాలను విడిగా నాలుగు నిమిషాల చిన్న వీడియోలో పెడితే ఏటా ఆ చిన్నదాన్ని మాత్రం కొత్తగా తీసుకోవచ్చు. దాన్ని సెప్టెంబర్‌లో, గేట్లు తెరిచే ముందు తీయడం సరైన అదను.

ఇక డబ్బు లెక్క. ప్రకటనల ఆదాయానికి యూట్యూబ్ అడిగేది 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన పన్నెండు నెలల్లో 4,000 వాచ్ అవర్స్, లేదంటే 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్. ఇందులో గడిచిన పన్నెండు నెలలు అన్న మాటను చాలామంది దాటేస్తారు. యాత్ర వీడియోను ఏప్రిల్‌లో 30,000 మంది చూశారనుకుందాం, ఒక్కొక్కరు సగటున మూడు నిమిషాలు. అంటే 90,000 నిమిషాలు, 1,500 గంటలు. మరుసటి ఏప్రిల్ దాటగానే ఆ 1,500 గంటలు లెక్కలోంచి జారిపోతాయి, ఆలోపు మిగతా 2,500 రాకపోతే మళ్లీ వెనక్కే. రోజుకు నలభై మంది నాలుగు నిమిషాల చొప్పున చూసే గోండు కోట వీడియో ఏడాదికి 973 గంటలు ఇస్తుంది. ఆ నలభై మంది వస్తున్నంత కాలం అందులో నుంచి ఎంత జారితే అంత వచ్చి చేరుతుంది. అలాంటివి మూడు నడిస్తే దాదాపు 2,900 గంటలు, పండుగ మీద ఆధారపడాల్సింది 1,100 మాత్రమే. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఈ 4,000లో కలవదు కాబట్టి పండుగ నాటి షార్ట్స్ మీద ఈ లెక్కకు ఆశ పెట్టుకోకూడదు.

ఇవన్నీ కలిపి, ఉద్యోగం చేసుకుంటూ ఒక్కడే నడిపే చానల్‌కు 2027 ప్రణాళిక వేస్తే నేను 52 వారాలకు 52 వీడియోలు రాయను. 40 రాస్తాను. అందులో 24 కోటలు, పాఠాలు, వంటలు, ఊళ్ల చరిత్ర లాంటివి. ఇవి ఎప్పుడు పెట్టినా చెల్లుతాయి కాబట్టి వర్షాకాలంలో, పరీక్షలు లేని నెలల్లో ముందుగా తీసి దాచుకోవచ్చు. పది ఏటేటా లేచేవి: మహాకాళి యాత్ర, పోలా, బతుకమ్మ, ధమ్మదీక్ష దినం, తాడోబా తెరుచుకోవడం, పదో తరగతి పునశ్చరణ లాంటివి. వీటిలో సగానికి దృశ్యాలు 2026లోనే చేతిలో ఉండాలి. లేనివాటిని 2027లో తీసి 2028కి పెట్టాలి, తొందరపడి అదే వారంలో ముగించకూడదు. నాలుగు మాత్రం ఆ రోజుకే చెందినవి. మిగిలిన రెండు ఖాళీలు మాట చెల్లకుండా పోయిన పాత వీడియోల స్థానంలో కొత్తవి తీయడానికి. నలభైలోకి రాని పన్నెండు వారాలు కొత్త వీడియో లేని వారాలు, తిథులు సరిచూసి వివరణలు దిద్దడానికి, కామెంట్లు చదవడానికి.

ఈ అంకెలు చానల్‌ను బట్టి మారతాయి. పాఠాలే చెప్పే చానల్‌కు ఏటేటా లేచేవి పది చాలవు, వంటల చానల్‌కు ఆ రోజుకే చెందినవి ఒక్కటీ అక్కర్లేదు. రెండో ఏడాది చివర ఒక్కో వీడియోకు మొదటి నెల వ్యూస్‌ను ఒకవైపు, ఆ తర్వాతి పదకొండు నెలల వ్యూస్‌ను ఇంకోవైపు రాసి చూస్తే తన నిష్పత్తి తనకే కనిపిస్తుంది. మొదటి నెలలో వెయ్యి వచ్చి, తర్వాత పదకొండు నెలల్లో మూడు వేలు వచ్చినవి ఎవర్‌గ్రీన్ వరుసలో చేరతాయి. మొదటి నెలలో పదివేలు వచ్చి, మళ్లీ అదే తిథికి రెండు వేలైనా తిరిగొచ్చినవి ఏటేటా లేచేవి. పదివేలు వచ్చి తర్వాతి ఏడాది ఆ తిథికి వంద కూడా రానివి ఆ రోజుకే చెందినవి, వాటి కోసం రెండు రాత్రులు మేలుకుని ఎడిటింగ్ చేయడం మానేయవచ్చు.